"దానికేం తెలుసులే" అనే మాట గురించి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో సామాజిక కమిటీ తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు లెక్క, బ్యాంకు లింకేజీ లెక్క ఇందాకే చదివారు. మేము చెప్పబోయేదాంట్లో కూడా ఒక అప్పు సంగతి ఉంది గానీ, అది పుస్తకంలో రాసుకునే అప్పు మాదిరిగా లేదు. వికలాంగుల గురించి మాట్లాడమంటే పెన్షన్, సదరం సర్టిఫికెట్, మూడు చక్రాల బండి, ఇవే మాట్లాడతామని అందరూ అనుకుంటారు. ఈసారి వాళ్లకి తోడు కావాలా, ప్రేమ కావాలా, మొగుడూ పెళ్లాం సుఖం కావాలా అనే సంగతి మాట్లాడతాం. నవ్వొస్తే నవ్వండి, ఇబ్బందేం లేదు. మన జిల్లాలోనే, దూబగుంటలో, తాగొచ్చిన మొగుడు రాత్రిపూట ఇంట్లో ఏం చేస్తాడో ఆడవాళ్లు నలుగురిలో చెప్పబట్టే గదా సారా ఉద్యమం లేచింది. అది కూడా అప్పటిదాకా నాలుగు గోడల మధ్య మాటే.

వికలాంగురాలి ముందు మనం మామూలుగా అనే మాట ఒకటుంది. "దానికేం తెలుసులే." పెళ్లి మాటలప్పుడు అంటాం, పెద్దమనిషి అయినప్పుడు అంటాం, కొత్త కోడలితో వదినలు ఎగతాళి చేసేటప్పుడు పక్కనే కూర్చున్న పోలియో కాలు పిల్లని చూసి అంటాం. ఇప్పుడు దివ్యాంగులు అని పేరు మార్చారు. పేరు మంచిదే. కానీ దేవుడి పేరు పెట్టి, దేవుడి మాదిరే ఏ కోరికా లేకుండా ఉండమంటున్నామేమో అనిపిస్తుంది. ఆ దేవుడికి కూడా మనం ఏటా కళ్యాణం చేస్తానే ఉన్నాం.

సినిమాలు మనకంటే ముందే ఈ మాట అన్నాయి. 1986లో రెండు సినిమాలు వచ్చాయి, ఇక్కడున్న పెద్దవాళ్లంతా చూసుంటారు. సిరివెన్నెలలో కళ్లు లేని వేణువు ఊదే అబ్బాయి, మాట రాని బొమ్మలు వేసే అమ్మాయి. స్వాతిముత్యంలో బుద్ధి ఎదగని శివయ్య పెళ్లి చేసుకుంటాడు, పిల్లల్ని కంటాడు, ముసలితనంలో మనవళ్లు మనవరాళ్లతో కూర్చుంటాడు. తెర మీద చూసి కళ్లు తుడుచుకున్నాం. పక్కింట్లో అట్టాంటి అబ్బాయి ఉంటే మాత్రం, వాడికి పెళ్లేందని అడుగుతాం.

ఇక ఆ అప్పు సంగతి. ఆ తల్లి ఒప్పుకున్నంత వరకే చెబుతున్నాం, పేరూ ఊరూ చెప్పడంలేదు. మన సంఘాల్లోని ఒక సభ్యురాలు అంతర్గత అప్పు నలభై అయిదు వేలు కావాలని అర్జీ పెట్టింది. దేనికని అడిగితే, కూతురికి గర్భసంచి తీయించడానికి అంది. పిల్లకి పందొమ్మిదేళ్లు, బుద్ధిమాంద్యం ఉంది. మాటలు కొద్దిగా వస్తాయి, అన్నం తనే తింటుంది, ఇల్లు ఊడుస్తుంది, సెల్లులో పాటలు పెట్టుకుంటుంది. గర్భసంచికి ఏ జబ్బూ లేదు. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో తీస్తామన్నారంట.

ఆ తల్లిని ఎవరూ తప్పుగా అనుకోకండి. తెల్లారి నాలుగింటికి లేచి వంట చేసి, రొయ్యల షెడ్డుకి పోతే మళ్లీ సాయంత్రం ఆరింటికి వస్తుంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. నెలసరి వచ్చినప్పుడు పిల్ల గుడ్డ తీసి పారేస్తుంది, మరకలతోనే వీధిలోకి వస్తుంది, పిలకాయలు నవ్వుతారు. పైగా ఒక మగపిల్లాడు ఐస్ బండి తోసుకోని వస్తాడు, వాడి బెల్లు వినపడితే ఈ పిల్ల తల దువ్వుకోని, పూలు పెట్టుకోని వాకిట్లో నిలబడుతుంది. తల్లి భయం అంతా అక్కడుంది. "ఎవడన్నా చెయ్యేస్తే కడుపొస్తుంది, అది తీయిస్తే అణిగిపోతుంది" అని ఏడ్చింది.

మేము వెంటనే ఇస్తామనీ అనలేదు, ఇవ్వమనీ అనలేదు. ఏఎన్‌ఎం అమ్మనీ, ఆమె ద్వారా సర్కారు ఆస్పత్రిలో ఆడ డాక్టరునీ కలిశాం. డాక్టరమ్మ విడమరిచి చెప్పిన సంగతులు మాకు కూడా చాలావరకు కొత్తవే.

గర్భసంచి తీస్తే నెలసరి ఆగుతుంది, కడుపు రాదు. అంతవరకే. కోరికకి గర్భసంచితో పనిలేదు. దానికి రెండు పక్కలా అండాశయాలుంటాయి, వాటిల్లో ఊరే రసాలూ, మన మెదడూ కలిసి కోరిక పుట్టిస్తాయి. గర్భసంచి పోయినా ఆ పిల్ల ఐస్ బండి బెల్లు వింటే పూలు పెట్టుకుంటానే ఉంటుంది. పోనీ అండాశయాలు కూడా తీసేస్తే పందొమ్మిదేళ్లకే ముట్లుడిగిన మనిషి అయిపోతుంది. ఒళ్లు ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు పెళుసెక్కడం, నలభై రాకముందే విరగడం. నొప్పి ఎక్కడుందో సరిగా చెప్పలేని పిల్లకి కడుపు కోసి కుట్లు వేయడం ఎంత కష్టమో అదొకటి.

భయపడుతున్న రెండో సంగతికి డాక్టరమ్మ చెప్పింది విని తల్లి చాలాసేపు మాట్లాడలేదు. ఎవడన్నా పాడు చేస్తే, ఆపరేషన్ వాణ్ణి ఆపదు. కడుపు రాదు గనక జరిగింది ఎవరికీ తెలియదు, అంతే. తెలియదని తెలిసినవాడు మళ్లీ వస్తాడు. ఆపరేషన్ కాపాడేది వాణ్ణి, పిల్లని కాదు.

ఇది మన ఒక్క ఊరి సంగతి కాదు. 1994 ఫిబ్రవరిలో మహారాష్ట్రలో, పూణే దగ్గర శిరూరులో బుద్ధిమాంద్యం ఉన్న ఆడపిల్లల సర్కారు హాస్టలు నుంచి పదిమందికి పైగా పిల్లల్ని పూణే ఆస్పత్రికి తీసుకుపోయి గర్భసంచులు తీశారు. చెప్పిన కారణం ఇదే, నెలసరి శుభ్రం. మహిళా సంఘాలు గొడవ చేస్తే మిగతావాళ్లకి ఆగింది. తర్వాత 2009లో చండీగఢ్‌లో ఇంకొక కేసు నడిచింది. అది మనకి బాగా పనికొచ్చే కేసు, కొంచెం నిదానంగా చెబుతాం.

తల్లీ తండ్రీ లేని పందొమ్మిది, ఇరవై ఏళ్ల అమ్మాయి, కొద్దిపాటి బుద్ధిమాంద్యం. సర్కారు ఆశ్రమంలో ఉంటుంది. కాపాడాల్సిన చోటే ఆమెను పాడుచేశారు. ఆ ఏడాది మే నెలలో కడుపుతో ఉన్నట్టు తెలిసింది. అధికారులు కడుపు తీయించడానికి హైకోర్టుకు పోయారు, జూలైలో హైకోర్టు తీయించమంది. అయితే ఆ అమ్మాయిని అడిగినప్పుడు నాకు బిడ్డ కావాలంది. కేసు సుప్రీంకోర్టుకు పోయింది. అప్పటికే పంతొమ్మిది వారాలు దాటింది, ఇరవై వారాల గడువు దగ్గరపడింది. కోర్టు ముందు ఆర్డరు ఆపింది, ఆగస్టు 28న తీర్పు రాసింది. మతిస్థిమితం లేకపోవడం వేరు, బుద్ధి నిదానంగా ఎదగడం వేరు, ఈ అమ్మాయి రెండో రకం, పెద్దది, ఆమె వద్దంటే ఆమె తరఫున ఇంకెవరూ కడుపు తీయించకూడదు అని ఆ తీర్పు సారం. ఆ డిసెంబరులో ఆమెకు ఆడబిడ్డ పుట్టింది.

ఆ కడుపు ప్రేమ వల్ల వచ్చింది కాదు, నేరం వల్ల వచ్చింది. దాన్ని ఎవరూ మరిచిపోకూడదు. కానీ దేశంలో పెద్ద కోర్టు ఒక బుద్ధిమాంద్యం ఉన్న అమ్మాయిని "నీకేం కావాలి" అని అడిగి, ఆమె మాటకి విలువ కట్టింది. మన వాకిట్లో మనం ఎంతమంది అడిగాం?

ఆ తర్వాత 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. దాంట్లో పదో సెక్షను ఈ సంగతే చెబుతుంది. పిల్లలు పుట్టకుండా చేసే ఏ వైద్యమైనా వికలాంగుల సొంత ఒప్పుదల లేకుండా చేయకూడదు, ఆ ఒప్పుదల కూడా సంగతి అర్థమై ఇచ్చింది కావాలి. పిల్లల గురించి, కుటుంబ నియంత్రణ గురించి తెలుసుకునే హక్కు వాళ్లకూ ఉంది. వికలాంగురాలి ఒప్పుదల లేకుండా కడుపు తీస్తే ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు. బాగా తీవ్రమైన వైకల్యం ఉంటే మాత్రం డాక్టరు అభిప్రాయం, సంరక్షకుల ఒప్పుదల మీద చేయవచ్చని దానికి మినహాయింపు ఉంది. గర్భసంచికి జబ్బుంటే అది వేరే, జబ్బుకి వైద్యం ఎవరికైనా చేయించాల్సిందే.

సరే, చట్టం చెప్పి చేతులు దులుపుకుంటే ఆ తల్లికి నెలనెలా మరకలు పోతాయా? పోవు. అందుకని మేము ఆరు నెలలు ఆ ఇంటికి పోయాం. అంగన్‌వాడీ టీచరు, పక్కింటి చెల్లెలు సాయం చేశారు. ముదురు రంగు లోదుస్తులు నాలుగు కొని, ప్యాడు పెట్టాల్సిన చోట చుట్టూ తెల్ల దారంతో గీత కుట్టాం. నెలసరి లేని రోజుల్లోనే పెట్టడం, తీయడం ఆటలాగా నేర్పాం. మార్చడానికి టైము చెబితే పిల్లకి అర్థం కాదు, అందుకని లేచాక, అన్నం తిన్నాక, స్నానం అప్పుడు, పడుకునే ముందు అని పనులకి ముడిపెట్టాం. మూత ఉన్న డబ్బా ఒకటి, ఎప్పుడూ ఒకే చోట. క్యాలెండరు మీద తల్లి ఎర్ర చుక్క పెడుతుంది. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి, రోజుకొక మాట చెబితే పిల్ల తికమకపడుతుంది. మొదటి రెండు నెలలు ఏమీ రాలేదు. మూడో నెలలో పిల్ల కొరకడం, గోడకి తల కొట్టుకోవడం చేస్తుంటే పొగరనుకున్నారు. ఏఎన్‌ఎం చూసి, అది కడుపునొప్పి, చెప్పడం రాక అట్టా చేస్తుందంది. డాక్టరు రాసిన మాత్ర వేశాక తగ్గింది. ఆరో నెలకి నాలుగు మార్పుల్లో మూడు తనే చేసుకుంటుంది. ఒకటి ఇప్పటికీ చెప్పాల్సిందే.

అప్పు కూడా ఇచ్చాం, నలభై అయిదు కాదు, ఇరవై వేలు. దాంతో తలుపూ గొళ్లెం ఉన్న స్నానాల గది కట్టారు. అంతకుముందు దడి చాటున పోసుకునేవాళ్లు. ఆ గది ఎందుకు ముఖ్యమంటే, ఇంకొక సంగతి ఉంది. ఆ పిల్ల అప్పుడప్పుడు నలుగురిలో ఒంటి మీద చేతులు వేసుకుంటుంది, తల్లి కర్ర తీస్తుంది. డాక్టరమ్మ కొట్టొద్దంది. అది చెడు కాదు, వయసు. చేసేది తప్పని చెబితే ఒళ్లే తప్పనుకుంటుంది, తలుపేసుకున్న గదిలో అని నేర్పండి అంది. ఏది తలుపు లోపల, ఏది తలుపు బయట, తన ఒళ్లు ఎవరు ముట్టుకోవచ్చు, ఎవరు ముట్టుకోకూడదు, వద్దని ఎట్టా అరవాలి, ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడిన పాఠాలే. ఒంటి భాగాల పేర్లే తెలియని పిల్ల, ఎవడు ఎక్కడ ముట్టుకున్నాడో ఎట్టా చెబుతుంది? తెలియనివ్వకపోతే భద్రం అనుకుంటాం గానీ, తెలియనిదాన్నే వాళ్లు వెతుక్కుంటారు.

ఒక ఇంటికి పోవడానికి ఉన్నట్టుండి పిల్ల భయపడినా, పక్క తడిపినా, స్నానం చేయించనివ్వకపోయినా, ఎవరు ఇచ్చారో చెప్పని చాక్లెట్లు, డబ్బు కనపడినా, అడగండి. వికలాంగురాలి మీద అత్యాచారానికి చట్టంలో శిక్ష ఎక్కువ, పదేళ్లకి తగ్గదు. ఫిర్యాదు చేసేందుకు స్టేషనుకు పోవాల్సిన పని లేదు, పోలీసులే ఇంటికొచ్చి, ఆమె భాష తెలిసిన టీచరునో సైగలు చెప్పేవాళ్లనో పెట్టుకోని, వీడియో తీసి రాసుకోవాలి.

ఐస్ బండి అబ్బాయి సంగతి ఏమైందని మమ్మల్ని చాలామంది అడిగారు. ఏం కాలేదు. వాడు వస్తాడు, ఐస్ ఇస్తాడు, పోతాడు. పూలు మాత్రం తల్లి ఇప్పుడు తనే తెచ్చి పెడుతుంది. రేపు ఆ పిల్లకి నిజంగా ఒకరి మీద ఇష్టం పుడితే అది ఇష్టమా, మోసమా అని ఎట్టా తెలుసుకోవాలి అనేది కష్టమైన ప్రశ్న. మాకు తోచింది చెబుతాం. విడిగా కూర్చోబెట్టి, వేరే వేరే రోజుల్లో, ఆమె మాటల్లోనే చెప్పించాలి. వాడి పేరు, వాడు ఏం చేస్తాడు, ఎందుకు ఇష్టం. ముఖ్యంగా, వాడికి వద్దు అని ఎప్పుడన్నా చెప్పిందా, చెబితే వాడు ఆగాడా. వద్దనడం రాని మనిషి సరే అన్నా దాన్ని సరే అనుకోలేం. ఏం జరుగుతుందో బొత్తిగా అర్థం కాని స్థితి ఉంటే చట్టం కూడా దాన్ని ఒప్పుదల కింద లెక్కపెట్టదు. అట్టాంటి పిల్లలకి కూడా దగ్గరికి తీసుకోవడం, తల నిమరడం, పక్కన కూర్చోవడం కావాలి. అవి మాత్రం వద్దనేవాళ్లు ఎవరూ ఉండరనుకుంటా.

ఈ మాటలు గ్రామ సంఘంలో నడుస్తుంటే, పోలియో కాలున్న మన సభ్యురాలు ఒకామె లేచింది. ముప్పై ఎనిమిదేళ్లు, పుస్తకాలు రాస్తుంది, కుట్టు మిషను ఉంది. "మీరు దాని సంగతి ఇంత మాట్లాడారు, నన్ను ఎప్పుడన్నా అడిగారా? నేను జాకెట్లు కుట్టని పెళ్లికూతురు ఈ పాలెంలో లేదు" అంది. నిజమే, ఎవరూ అడగలేదు. ఆమె వెనక నాలుగు ప్రశ్నలు వచ్చాయి, మొగమాటం లేకుండా అందరూ అడిగారు.

పోలియో కాలికా, లోపలకి కూడానా? పోలియో పురుగు వెన్నులో కండల్ని కదిలించే నరాల కణాల్ని తింటుంది. స్పర్శ తెలిసే నరాల్ని ముట్టుకోదు. కాలు కదలదు గానీ, చీమ కుట్టినా తెలుస్తుంది. నెలసరి, సుఖం, కడుపు రావడం, అన్నీ మామూలే. బిడ్డకి వస్తుందా? రాదు, అది వంశం వెంట వచ్చే జబ్బు కాదు. కాన్పు? చిన్నప్పుడే ఒక కాలు పొట్టిదైతే కటి ఎముక ఒక పక్కకి వంగి ఉండొచ్చు, అందుకని ఆస్పత్రిలోనే కాన్పు, ఆపరేషన్ అవసరం పడొచ్చు. నడుము వంకర ఉంటే మత్తు సూది వేసే డాక్టరుకి ముందే చెప్పాలి.

నాలుగో ప్రశ్న డబ్బుది. 2024 జూలై నుంచి వికలాంగుల పెన్షన్ మూడు వేల నుంచి ఆరు వేలు అయింది. మంచిదే. కానీ ఆ ఆరు వేలు చూసుకోని ఇంట్లోవాళ్లు పెళ్లి మాట ఎత్తనివ్వని ఇళ్లు మాకు తెలుసు. ఆ డబ్బు చూసి పెళ్లికి వచ్చేవాళ్లూ ఉంటారు. పెన్షన్ ఆమె వైకల్యానికి వచ్చేది, ఆమె చేతికే రావాలి, పెళ్లికి ముందైనా తర్వాతైనా. 2022 అక్టోబరులో కళ్యాణమస్తు పెట్టినప్పుడు వికలాంగుల పెళ్లికి లక్షా యాభై వేలు అన్నారు, అయితే ఇద్దరూ పది పాసై ఉండాలి, మొదటి పెళ్లి కావాలి అన్నారు. బడికి మెట్లెక్కలేక అయిదో తరగతిలో మానేసిన ఆడపిల్లని పది పాసయ్యావా అని అడగడం మాకు సరిగా అనిపించలేదు. మొగుడు వదిలేసినామె సంగతి సరేసరి.

ఆమెకి ఇప్పుడు ఒకాయనతో మాటలు నడుస్తున్నాయి, ఐస్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాడు, భార్య పోయింది. ఇంట్లో అన్న ఒప్పుకోలేదు. మేము అన్నని ఒప్పించడానికి పోలేదు. ఆమే వద్దంది. "నాకు కావాల్సింది మీరు మధ్యవర్తులు కావడం కాదు, ఆయన మా ఇంటికొస్తే మీరు కిటికీలో నుంచి చూడకుండా ఉండడం" అంది.

చివరగా, తాటిచెట్టు మీద నుంచి పడి నడుము కింద చచ్చుబడిన ఒకాయన భార్య మమ్మల్ని విడిగా అడిగిన సంగతి. ఆమె వయసు ముప్పై. రెండేళ్లుగా కట్టు కడుతుంది, మూత్రం గొట్టం మారుస్తుంది, వేరే గదిలో పడుకుంటుంది. పక్కన పడుకుంటే పుండు పెద్దదవుద్దా అని అడిగింది. డాక్టరుని అడిగి చెప్పాం. పుండు ఒకే వైపు ఒత్తిడి వల్ల వస్తుంది, రాత్రి గూడా రెండు గంటలకొకసారి తిప్పితే రాదు, పక్కన మనిషి ఉంటే తిప్పడం సులువు కూడా. ముందుగా మూత్రం ఖాళీ చేసి, గొట్టాన్ని పొట్ట మీదకి తిప్పి టేపు వేస్తే అడ్డం రాదు. నడుము కింద తెలియనివాళ్లకి మెడ, చెవులు, చేతులు ఎక్కువ తెలుస్తాయి. మిగతా సంగతికి కూడా మందు ఉండొచ్చు, పెద్దాస్పత్రిలో మూత్ర సంబంధ డాక్టరుని ఇద్దరూ కలిసి పోయి అడగాలి, సిగ్గుపడితే రాసి ఇవ్వొచ్చు. ఆమె ఆ చీటీ మా ముందే రాసుకుంది.

వచ్చే నెల నుంచి గర్భసంచి ఆపరేషన్‌కని అప్పు అర్జీ వస్తే, వికలాంగుల ఇంటినుంచైనా మామూలు ఇంటినుంచైనా, సర్కారు డాక్టరు చీటీ చూశాకే గ్రామ సంఘం తీర్మానం రాయాలని సామాజిక కమిటీ అడుగుతుంది. మినిట్స్ పుస్తకంలో పేర్లు రాయొద్దు, "వైద్యం" అని రాస్తే చాలు. ఇప్పుడు భోజనాల వేళయింది. ఇంకా అడగాలనుకునేవాళ్లకి మేము వెనక గోడౌను గదిలో ఉంటాం, ఏఎన్‌ఎం అమ్మ కూడా ఉంటుంది, మగవాళ్లు ఎవరూ రారు. మూడు చక్రాల బండ్లలో వచ్చినవాళ్లకి ఆ పక్క వాలు మీదుగా దారి ఉంది.